కూడికలో ‘చేతిలో ఒకటి’ ఎక్కడ బెడిసికొడుతుంది

పిల్లల కూడిక తప్పితే ఇంట్లో వెంటనే ఇంకో పది లెక్కలు ఇచ్చి కూర్చోబెడతారు. అదే తప్పును పదిసార్లు చేయించడం తప్ప దానివల్ల జరిగేదేమీ లేదు. ముందు ఆ తప్పు జవాబును చూడండి. ఎక్కడ పొరబడ్డారో చాలావరకు అదే చెప్పేస్తుంది.

అంకెల వరస

జవాబు మరీ పెద్దగా వస్తే చేతిలో ఒకటి గురించి మాట్లాడే ముందు వరస చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటే ఎవరూ చూడరు. 356కి 48 కలపమంటే 4ను 3 కింద, 8ని 5 కింద వేసేస్తారు. జవాబు 836 వస్తుంది, రావాల్సింది 404. గమనిస్తే క్యారీ సరిగ్గానే వేశారు. ఎడమవైపు జరిగిపోవడంతో 48 కాస్తా 480 అయింది, అంతే. గళ్ల నోటుబుక్కు ఇచ్చి పైన వ, ప, ఒ అని రాయించండి. గళ్లది లేకపోతే గీతల పుస్తకాన్నే అడ్డంగా తిప్పితే గీతలు నిలువు వరసలైపోతాయి. దశాంశాలకు వచ్చాక మాత్రం కుడి అంచు కలిపితే చాలదు, బిందువు కింద బిందువు ఉండాలి.

47 + 38కి 715, 75 లేదా 121 వస్తే

ఈ మూడూ వేర్వేరు జబ్బులు. 715 వేసినవాళ్లకు రెండు వరసలూ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లెక్కలు. 7, 8 కలిపితే 15, 4, 3 కలిపితే 7, పక్కపక్కన పెట్టేశారు. 75 వేసినవాళ్లు చేతిలోది మరిచిపోయారు. 121 వేసినవాళ్లు 15లో 1ని కింద వేసి, 5ను చేతిలో పెట్టుకున్నారు.

మూడింటికీ మందు ఒక్కటే: 15 అంటే ఏమిటో చెప్పించడం. 47లో 4 పదులు, 7 ఒకట్లు. 38లో 3 పదులు, 8 ఒకట్లు. ఒకట్లన్నీ కలిపితే 15 ఒకట్లు. ఒక స్థానంలో 9 దాటి రాయడానికి చోటు లేదు కాబట్టి అందులో పది ఒకట్లను కట్ట కట్టి ఒక ‘పది’ చేస్తాం. మిగిలిన 5 ఒకట్లు కింద ఉంటాయి. ఆ కట్ట పదుల జాతిది కాబట్టి పదుల్లోకి వెళ్తుంది: 4 + 3 + 1 = 8 పదులు, మొత్తం 85. చేతిలో 1 అని రాసినా దాని విలువ 10. వందల స్థానానికి వెళ్లే 1 విలువ 100. పుల్లలు, రబ్బరు బ్యాండు ఇచ్చి ఒక్కసారి కట్ట కట్టిస్తే ఇది మాటల కంటే త్వరగా ఎక్కుతుంది.

అంకెలు కూడి తొమ్మిదులు తీసేసి సరిచూసే పద్ధతి మీద భరోసా పెట్టుకున్నవాళ్లు జాగ్రత్త. 47 అంకెల మొత్తం 11, మళ్లీ కూడితే 2. 38కీ 2. కలిపితే 4. 75 అంకెలు కూడితే 3 వస్తుంది కాబట్టి ఆ తప్పు దొరికిపోతుంది. 121 అంకెలు కూడితే మాత్రం 4 వస్తుంది, 85కి వచ్చేదీ అదే. 15ను తిరగేసి 51 చేస్తే తేడా 36, అంటే తొమ్మిది గుణిజం. ఆ తప్పు ఈ జల్లెడలోంచి జారిపోతుంది.

రెండు సంఖ్యలు బాగానే, నాలుగైతే తప్పు

అసలు దొంగ ఇక్కడున్నాడు. రెండు సంఖ్యల కూడికలు ఎన్ని ఇచ్చినా నూటికి నూరు, టీచరు ‘గుడ్’ కూడా పెట్టి ఉంటారు. అదే పిల్లకు ఇది ఇవ్వండి:

```
   28
   39
   47
 + 16
```

జవాబు 110 వేస్తుంది. రావాల్సింది 130. ఒకట్లు 8, 9, 7, 6 కలిపి 30 అని సరిగ్గానే లెక్కపెట్టింది. కింద 0 వేసింది. చేతిలో మాత్రం 1 పెట్టుకుంది. అడిగితే “చేతిలో ఎప్పుడూ ఒకటే కదా!” అని మనల్నే వింతగా చూస్తుంది.

ఈ నమ్మకం అంతకాలం బయటపడకపోవడానికి గట్టి కారణమే ఉంది. రెండు సంఖ్యలు కూడేటప్పుడు ఒక వరసలో ఎక్కువలో ఎక్కువ 9 + 9 = 18, కింది స్థానం నుంచి వచ్చిన 1 కలిపితే 19. పదుల కట్ట ఒకటికి మించి రావడం కుదరదు. అంటే ‘చేతిలో ఎప్పుడూ ఒకటే’ అన్నది ఆ లెక్కలన్నిటిలో నిజమే. అర్థం కాని పిల్లకూ అర్థమైన పిల్లకూ జవాబులో తేడా కనిపించదు. మూడో సంఖ్య చేరాకే గుట్టు రట్టవుతుంది.

పట్టుకోవడానికి జవాబు కంటే పెన్సిల్‌ను చూడండి. ఒకట్లు కూడకముందే పదుల నెత్తిన 1 రాసేస్తుంటే అది అర్థమై కాదు, అలవాటుగా చేస్తున్న పని. 42 + 35 ఇచ్చి చూడండి. అలవాటు బాగా ముదిరినవాళ్లు అక్కర్లేని 1 కూడా కలిపి 87 వేస్తారు, రావాల్సింది 77.

సరిచేయాలంటే కొన్ని రోజులు చేతిలో పెట్టుకోవడమే మానిపించాలి. ఏ వరస మొత్తాన్ని ఆ వరస విలువతో పూర్తిగా రాయించండి:

```
   28
   39
   47
 + 16
 ----
   30
  100
 ----
  130
```

30 అనేది ఒకట్ల మొత్తం. పదులు 2 + 3 + 4 + 1 = 10, పది పదులు కాబట్టి 100. ఇక్కడ మరిచిపోవడానికి చేతిలో ఏమీ లేదు. ఇది తడబడకుండా వచ్చాక “ఆ 30లో ఎన్ని పదులున్నాయి?” అని అడగండి. మూడు అంటుంది. “ఆ మూడింటినీ కింద రాసే బదులు పదుల నెత్తిన రాయి” అనండి. క్యారీ అంటే ఈ రెండు వరసల రాతను కుదించడమే. ఇకమీదట చేతిలో ఎంత అన్నది అలవాటు చెప్పదు, ఒకట్ల మొత్తమే చెబుతుంది.

నెల పాల లెక్కలాంటి పొడుగు చిట్టాలో చేతిలో 10 కూడా రావచ్చు. పన్నెండు 9లు కూడితే 108. 8 కింద వేసి, 10 పదుల్లో కలపడమే. చేతిలో రెండంకెలు వచ్చాయని టెన్షన్ పడాల్సిన పని లేదు, పదులు కూడేటప్పుడు అదీ కలిసిపోతుంది.

ఇంతా చేశాక కూడా తప్పుతుంటే మిగిలినవి చిల్లర కారణాలు. 8 + 7 నోటికి రాకపోతే ఎక్కం లాగే అదీ బట్టీ పట్టించాలి. 1ని 7లా రాస్తుంటే చేతిరాత దిద్దాలి. గంటలు, నిమిషాల కూడికలో 3 గంటల 80 నిమిషాలు అని ఆపేస్తే అక్కడ కట్ట పదికి కాదు, అరవైకి కట్టాలని చెప్పండి. 4 గంటల 20 నిమిషాలు వస్తుంది.