చిన్న కోల్డ్ రూంలో ఎన్ని క్రేట్లు పడతాయి? కొనే ముందే లెక్క వేసుకోవడం ఎలా

నల్లగొండ దగ్గర మా బావకు బత్తాయి తోట ఉంది. పక్క తోటల కాయలు కూడా కలిపి చిన్న కోల్డ్ రూం పెట్టాలని పోయినేడు కొటేషన్ తెప్పించాడు. అందులో 12 టన్నులని ఉంది. నేను టేపు పట్టుకుని కూర్చుని లెక్క వేస్తే ఐదున్నర టన్నులు దాటలేదు.

"పన్నెండని రాసిచ్చిండు గదా, నువ్వేంది సగం కూడా పట్టదంటవు?" అన్నాడు బావ.

కొటేషన్ ఇచ్చినాయన అబద్ధం ఆడలేదు. గది లోపలి ఘనపరిమాణాన్ని 3.4తో భాగించాడు. టన్నుకు 3.4 ఘనపు మీటర్లు అనేది జాతీయ ఉద్యాన మండలి ప్రమాణాల్లో ఉన్న అంకే. కాకపోతే అది ఎత్తుగా దొంతరలు పేర్చే పెద్ద కోల్డ్ స్టోరేజీల సామర్థ్యం కట్టడానికి వాడేది. మనిషి లోపలికి నడిచి వెళ్లి చేత్తో క్రేటు దించుకునే చిన్న గదికి ఆ అంకె పనికిరాదు. అక్కడ క్రేట్లు లెక్కపెట్టాల్సిందే. బావ గది కొలతలతోనే చూపిస్తాను, మీ కొలతలు పెట్టుకుని వెంట రండి.

ముందు లోపలి కొలత

కొటేషన్‌లో గది 480 సెంటీమీటర్ల పొడవు, 360 వెడల్పు, 270 ఎత్తు అని ఉంటే, అది బయటి కొలతా లోపలిదా అని మొదట అడగండి. ఇక్కడ బయటిది. గోడలు, పైకప్పు, నేల అన్నీ వేడిని ఆపే 6 సెంటీమీటర్ల మందం పఫ్ ప్యానెలే. రెండు వైపులా కలిపి 12 తీసేస్తే లోపల 468 × 348 × 258 మిగులుతుంది. 12 సెంటీమీటర్లే గదా అనిపిస్తుంది గానీ, మూడు దిక్కులా పోయేసరికి దాదాపు 47 ఘనపు మీటర్ల గది 42కు దిగింది. ఆ 42ను 3.4తో భాగిస్తేనే కొటేషన్‌లోని 12 టన్నులు వచ్చాయి.

క్రేటును పై అంచు దగ్గర కొలవండి

మార్కెట్లో ట్రే అని కూడా అంటారు. మన దగ్గర ఎక్కువగా తిరిగేది సుమారు 54 × 36 సెంటీమీటర్ల అడుగు, 29 ఎత్తు ఉన్న రకం. అడుగు కన్నా పై అంచు కాస్త వెడల్పు, వాడిన క్రేటు పక్కలు కొంచెం ఉబ్బి ఉంటాయి. అందుకే ఒక్క క్రేటు కొలవకుండా పదింటిని వరసగా నేల మీద పెట్టి మొత్తం పొడవు కొలిచి పదితో భాగించండి. మాకు 36 కాస్తా 37 అయింది, 54 కాస్తా 55 అయింది. గాలి సందుతో కలిపి అదే అసలు కొలత.

బరువు కూడా తూచాల్సిందే. కాయను అంచుకు మూడు నాలుగు సెంటీమీటర్లు కిందికే నింపాలి. అంచు దాటి నింపితే పై క్రేటు అడుగు కాయ మీదనే కూర్చుంటుంది, నలిగిన కాయ నాలుగో రోజుకు మెత్తబడుతుంది. అలా నింపిన పది క్రేట్లు తూచి, ఖాళీ క్రేటు బరువు తీసేస్తే మాకు సగటున 20 కిలోల బత్తాయి వచ్చింది. నిమ్మకాయ చిన్నది, సందులు వేరుగా పడతాయి. నకిరేకల్ వైపు వాళ్లు ఈ 20ని తీసుకోకుండా నిమ్మతోనే మళ్లీ తూచుకోండి.

నేల మీద ఎన్ని స్థానాలు?

ఒక తెల్ల కాగితం మీద గది గీయండి. బావ గదికి తలుపు పొట్టి గోడకు మధ్యలో ఉంది. ఎదుటి పొట్టి గోడకు ఇండోర్ యూనిట్ వేలాడుతుంది.

గోడకు ఆనించి క్రేట్లు పెట్టకూడదు. చుట్టూ 10 సెంటీమీటర్లు వదలాలి, లేకపోతే గోడ నుంచి వచ్చే వేడి నేరుగా కాయకే తగులుతుంది, చల్లగాలి అక్కడికి చేరదు. యూనిట్ ఉన్న గోడ దగ్గర 30 వదిలాం, ఎందుకంటే గదంతా తిరిగి వచ్చిన గాలిని అది వెనక నుంచి పీల్చుకోవాలి. నడిచే దారికి కనీసం 90 కావాలి. 70 చాలదా అని బావ అడిగాడు. 54 సెంటీమీటర్ల క్రేటును రెండు చేతుల్లో పట్టుకుని 70 దారిలో తిరిగి చూడమన్నాను. మోచేతులు తగిలాక మళ్లీ అడగలేదు.

ఇప్పుడు వెడల్పు: 348లో రెండు గోడల 20, దారి 90 తీస్తే 238. అంటే దారికి అటూ ఇటూ 119 చొప్పున. పొడవు: 468లో 10, 30 తీస్తే 428.

119 లోతులో క్రేట్లను రెండు రకాలుగా పెట్టొచ్చు. పొడుగు వైపు లోపలికి పెడితే రెండు పడతాయి (110). అడ్డం తిప్పితే మూడు పడతాయి (111). లోతు ఇంచుమించు ఒకటే, తేడా గది పొడవునా వస్తుంది. మొదటి రకంలో 428ని 37తో భాగించాలి: 11 క్రేట్లు. రెండో రకంలో 55తో: 7. కాబట్టి ఒక్కో వైపు మొదటిదానికి 2 × 11 = 22 స్థానాలు, రెండోదానికి 3 × 7 = 21. మొదటిదే తీసుకున్నాం, రెండు వైపులా కలిపి 44. భాగించినప్పుడు వచ్చే పాయింటు తర్వాతి అంకెను వదిలేయాలి. 11.57 అంటే 11 క్రేట్లే, అర క్రేటు ఎక్కడా పెట్టలేం.

ఎత్తులోనే అసలు మోసం

గది ఎత్తు 258 అయినా, దొంతర అంత ఎత్తు పోదు. ఇండోర్ యూనిట్ అడుగు నేల నుంచి 205 దగ్గర ఉంది. దాని ఫ్యాను ముందుకు క్రేటు వచ్చిందా, ఆ గాలి తలుపు వైపు చేరదు. అందుకని 205 కిందే ఆగాలి.

ర్యాకులు లేకుండా 12 సెంటీమీటర్ల ప్యాలెట్ మీద నేరుగా పేర్చితే ఆరు క్రేట్లకు 12 + 174 = 186. ఏడోది పెడితే 215, అంటే హద్దు దాటింది. కాబట్టి ఆరు.

ర్యాక్ అరలు వేస్తే ఎక్కువ పడతాయని చాలామంది అనుకుంటారు. ఉల్టా జరుగుతుంది. ప్రతి అరకూ ఇనుము మందం 4 సెంటీమీటర్లు, క్రేటు ఎత్తి లాగడానికి దాని పైన 8 సెంటీమీటర్ల సందు, మొత్తం 12 పోతుంది. మొదటి అర 15 ఎత్తులో ఉందనుకుందాం. అరకు ఒక్క క్రేటు చొప్పున అయితే క్రేటు పైభాగాలు 44, 85, 126, 167 దగ్గర వస్తాయి. ఐదోది 208కి పోతుంది, మూడు సెంటీమీటర్ల కోసం అది తప్పిపోయింది. అంటే నాలుగే. అరకు రెండు చొప్పున పెడితే మొదటి అర 73కు, రెండోది 143కు చేరుతుంది. మూడో అర 155 దగ్గర మొదలవుతుంది, దాని మీద రెండు పెడితే 213, కుదరదు. ఒకటి పెడితే 184. మొత్తం ఐదు.

పైగా నిలువు స్తంభాలు పొడవును కూడా తింటాయి. ఒక వైపు రెండు ఖానాలున్న ర్యాకుకు మూడు స్తంభాలు, ఒక్కోటి 5 సెంటీమీటర్లు. 428లో 15 పోయి, మిగిలిన 413ను సగం చేస్తే 206. అందులో ఐదు క్రేట్లే పడతాయి. 11 కాస్తా 10 అయింది.

ఇక మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టండి:

ర్యాకు లేని దొంతర: 44 × 6 = 264 క్రేట్లు, 5,280 కిలోలు.
అరకు రెండు: 40 × 5 = 200 క్రేట్లు, 4,000 కిలోలు.
అరకు ఒకటి: 40 × 4 = 160 క్రేట్లు, 3,200 కిలోలు.

అరకు ఒకటి పెట్టే ర్యాకుకు డబ్బు ఎక్కువ, పట్టేది తక్కువ. అయినా ర్యాకు ఉత్తది అనను. దొంతరలో కింది క్రేటు కావాలంటే పైన ఐదూ దించాలి, నలుగురు రైతుల కాయ కలిసిపోయిందంటే పంచాయితీ తప్పదు. ఒక్క తోట కాయను ఒక్కసారి పెట్టి ఒక్కసారి తీసేవాళ్లకు దొంతర చాలు. బావ ఎడమ వైపు దొంతరలు, కుడి వైపు అరకు రెండు క్రేట్లు పట్టే ర్యాకు పెట్టుకున్నాడు. 22 × 6 = 132, 20 × 5 = 100, మొత్తం 232 క్రేట్లు, 4,640 కిలోలు.

పట్టడం వేరు, ఒక్కరోజులో చల్లబడటం వేరు

232 క్రేట్లకు చోటుంది గదా అని అన్నీ ఒకే పొద్దున నింపకండి. ఎండాకాలంలో కోసిన కాయ లోపల 35 డిగ్రీలు ఉండొచ్చు. దాన్ని 8 డిగ్రీలకు దించాలంటే టన్ను కాయకు సుమారు 1,00,000 కిలోజౌళ్ల వేడి తీయాలి. మిషన్ రోజుకు 20 గంటలు తిరుగుతుందనుకుంటే టన్నుకు 1.4 కిలోవాట్లు, అంటే 0.4 టన్ను రిఫ్రిజిరేషన్. గోడల వేడి, తలుపు తీసినప్పుడు దూరే వేడి ఇందులో కలపలేదు. కొటేషన్‌లో మిషన్ సామర్థ్యం పక్కన "రోజుకు ఎన్ని కిలోల వేడి కాయ వేయొచ్చు" అని రాయించుకోండి. ఇక్కడ రెండు టన్నులూ ఒకటి కావు, ఒకటి కాయ బరువు, మరొకటి మిషన్ చల్లబరిచే శక్తి. ఈ రెండూ కలిపేసి మాట్లాడే ఏజెంట్లు ఉన్నారు.

ఎక్కువ నింపిన సంగతి బయటి డిస్‌ప్లే చెప్పదు, అది గాలి వేడిని చూపిస్తుంది. పుల్ల లాంటి థర్మామీటర్‌ను తలుపు దగ్గర కింది క్రేటులోని కాయకు, దొంతర నడిమి కాయకు గుచ్చి చూడాలి. మర్నాటికి రెండింటి మధ్య మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంటే అటు గాలి పోవట్లేదు.

మాకు మొదటి నెలలోనే అది తేలింది. ఓ సాయంత్రం మిగిలిన తొమ్మిది క్రేట్లను పిల్లలు దొంతరల మీద ఏడో వరసగా ఎక్కించారు, అదీ యూనిట్ ముందు. డిస్‌ప్లేలో 8 ఉంది. తలుపు దగ్గరి కాయలో 17 ఉంది. ఆ తొమ్మిదీ దించిన మర్నాడు ఆ కాయ 10కి వచ్చింది. తర్వాత బావ ఎర్ర పెయింటు డబ్బా తెచ్చి గోడ మీద 190 ఎత్తులో చుట్టూ గీత గీసి, దాని పక్కనే "ఆరు" అని రాసిపెట్టాడు.