పోయినసారి చెప్పిన మాట గుర్తుపెట్టుకుని పలకరించడం ఎలా?

"ఎలా ఉన్నారు?" అంటే "బాగున్నాను" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. ఈసారి "నాన్నగారికి చుక్కల మందు ఎవరు వేస్తున్నారు?" అని అడిగి చూడండి.

ముందుగా, మాట్లాడుతున్నప్పుడే ఒక్క సంగతి ఏరుకోవాలి. ఇంకా తేలని విషయమైతే మేలు, ఎందుకంటే మళ్లీ కలిసేసరికి దాని గురించి చెప్పడానికి వాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. మా ఆఫీసులో ఒకతను ఓసారి ఇలా అన్నాడు: "వచ్చే గురువారం నాన్నకి కంటిశుక్లం ఆపరేషన్. దాని గురించి భయం లేదు. తర్వాత రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేయాలట, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు." ఆపరేషన్ సంగతి అందరూ అడుగుతారు. అతని టెన్షన్ అంతా చుక్కల గురించే. నేను ఏరుకున్నది దాన్నే.

విడిపోయాక పది నిమిషాల్లోపు రాసేసుకోండి. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాలను తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కేసి 1885లో ప్రచురించాడు. మొదటి గంటలోనే చాలా భాగం జారిపోతుందని, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుందని తేలింది. ఫోన్ కాంటాక్టులో ఆ మనిషి పేరు కిందే రాసుకుంటే వెతుక్కునే పని ఉండదు. నేను రాసుకున్నది ఇంతే: "12న నాన్నకి కన్ను ఆపరేషన్. పగలు చుక్కలు ఎవరు?" "వచ్చే గురువారం" అని మాత్రం రాయకండి, నెల తర్వాత చూస్తే అది ఏ గురువారమో అర్థం కాదు.

మళ్లీ కలిసే ముందు నోట్ తెరవకుండా ఒకసారి గుర్తు తెచ్చుకోండి, అలా చేస్తే విషయం మరింత నిలుస్తుంది. ఆ తర్వాత తెరిచి సరిచూసుకోండి. ఈ రెండో పని మానేసి ఒకసారి వేరే అతన్ని "నాన్నగారి కన్ను ఎలా ఉంది?" అని అడిగాను. "మా నాన్న పోయి మూడేళ్లయింది కదండీ" అన్నాడు. ఆ రోజంతా అతని ముఖం చూడలేకపోయాను.

ఇక అడిగే తీరు. "ఆపరేషన్ సక్సెసే కదా?" అని అడగొద్దు, ఏదైనా తేడా జరిగి ఉంటే ఏం చెప్పాలో తెలియక వాళ్లు ఇబ్బంది పడతారు. "నాన్నగారికి ఎలా ఉంది?" అంటే ఎంత చెప్పాలో వాళ్లిష్టం. నలుగురిలో ఉంటే ఆరోగ్యం, డబ్బు, ఇంటి గొడవల ఊసే ఎత్తకండి, విడిగా దొరికేదాకా ఆగండి. గుర్తున్నవన్నీ ఏకరువు పెట్టినా, తమ మీద ఎవరో ఫైల్ నడుపుతున్నట్టు అనిపిస్తుంది. ఒక్కటి చాలు.

అడిగాక జవాబు వినండి. అతను నవ్వి, "పక్కింటావిడ వేస్తున్నారండీ. రెండో కన్ను వచ్చే నెల 9న" అన్నాడు. సీటుకి వెళ్లగానే పాత లైను తీసేసి ఆ తేదీ రాసుకున్నాను.