షుగర్ తగ్గిస్తుందన్న ఫార్వర్డ్ మెసేజ్‌ను ఇంట్లోవాళ్ళకు పంపేముందు ఎలా పరీక్షించాలి?

అనంతపురంలో ఉండే ఒక కుటుంబపు వాట్సాప్ గ్రూపులోకి ఇలాంటి మెసేజ్ వచ్చిందనుకుందాం: "పెద్దాసుపత్రి డాక్టరు చెప్పిన రహస్యం. రాత్రి నాలుగు బెండకాయలు చీల్చి గ్లాసు నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే పరగడుపున తాగితే 21 రోజుల్లో షుగర్ పూర్తిగా పోతుంది. 300 ఉన్నవాళ్ళకు 110కి వచ్చింది. ఇక మాత్రలు అక్కర్లేదు. మందుల కంపెనీలు దీన్ని దాస్తున్నాయి. కనీసం పదిమందికి పంపండి." గ్రూపులో గుత్తిలో ఉండే పెద్దమ్మ ఉన్నారు. ఆమె కొన్నేళ్ళుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటున్నారు. మెసేజ్ ఆమె చేతికి చేరితే ఏమవుతుందన్నదే ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న కాబట్టి, ఈ ఒక్క మెసేజ్‌నే పట్టుకుని పరీక్షించే పద్ధతిని చూద్దాం.

మొదట మెసేజ్‌ను విడగొట్టండి

మెసేజ్ మొత్తాన్ని కలిపి "నిజమా, అబద్ధమా" అని అడిగితే జవాబు దొరకదు, ఎందుకంటే అందులో నిజం, సగం నిజం, అబద్ధం కలిసి ఉంటాయి. ఒక్కో వాక్యాన్ని కాగితం మీద విడిగా రాసుకుంటే ఇక్కడ నాలుగు మాటలు మిగులుతాయి: బెండకాయ నీళ్ళు షుగర్‌ను తగ్గిస్తాయి, 21 రోజుల్లో జబ్బు పూర్తిగా పోతుంది, 300 నుంచి 110కి వచ్చింది, మాత్రలు అక్కర్లేదు. రహస్యం, కంపెనీల కుట్ర, పదిమందికి పంపమనడం అనేవి ఆధారాలు కావు గనుక వాటిని పక్కన పెట్టవచ్చు. నాలుగింటిలో ముందుగా చూడవలసింది చివరిది. మొదటి మూడూ తప్పైతే పోయేది కొన్ని బెండకాయలే, కానీ నాలుగోది తప్పైతే మనిషికే ప్రమాదం. ఏ మందునైనా మానమనో, కొత్తగా మొదలుపెట్టమనో చెప్పే మెసేజ్‌ను తక్కిన పరీక్షలు పూర్తయ్యేదాకా ఎవరికీ పంపకూడదన్నది నా పద్ధతి.

అంకె ఏ పరీక్షదో అడగండి

"300 నుంచి 110" అన్నది చూడగానే నమ్మాలనిపించే మాట, అంకెలుంటే ఆధారం ఉన్నట్టే తోస్తుంది. కానీ షుగర్ అంకెకు దాన్ని ఎప్పుడు కొలిచారో తెలియకపోతే అర్థం లేదు. రాగి సంగటి, పప్పు తిన్న గంటన్నరకు కొలిచిన 300నూ, పన్నెండు గంటలు ఏమీ తినకుండా పరగడుపున కొలిచిన 110నూ ఒకే మనిషిలో ఒకే వారంలో చూడవచ్చు. బెండకాయ నీళ్ళు తాగకపోయినా ఆ తేడా వస్తుంది. పరగడుపు షుగర్ 126 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువగా ఉంటే, మరో పరీక్షతో నిర్ధారించుకున్నాక, దాన్ని మధుమేహంగా గుర్తిస్తారు. 100 కంటే తక్కువైతే మామూలుగా ఉన్నట్టు. కాబట్టి 110 పరగడుపుదే అయినా "పూర్తిగా పోయింది" అనడానికి చాలదు.

ఇంట్లో వేలికి గుచ్చి చూసే గ్లూకోమీటరు కూడా ఇక్కడ తికమక పెట్టగలదు. మంచి యంత్రాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే, 100 దాటిన షుగర్‌కు వచ్చే అంకెల్లో 95 శాతం అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ ఉంటే సరిపోతుంది. అంటే నిజంగా 180 ఉన్న రక్తానికి అదే యంత్రం ఒకసారి 165 అనీ, మరోసారి 200 అనీ చూపినా తప్పు పట్టలేము. వేలికి బెల్లమో పండు రసమో అంటుకుని ఉంటే ఆ అంకె ఇంకా ఎక్కువగా రావచ్చు. నాలుగు రోజుల తర్వాత 25 పాయింట్లు తగ్గిందని సంతోషించే ముందు, ఇది యంత్రపు ఊగిసలాట కాదా అని అడగడం మంచిది.

ఈ మెసేజ్‌లో నాకు అన్నిటికంటే బలహీనంగా కనిపించేది 21 రోజుల గడువు. షుగర్ అదుపులో ఉందో లేదో చెప్పే నమ్మకమైన కొలత హెచ్‌బీఏ1సీ, మన దగ్గర చాలామంది "మూడు నెలల షుగర్" అని పిలిచే పరీక్ష. రక్తంలోని ఎర్రకణాలకు చక్కెర అంటుకుంటుంది, ఆ కణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి. అందువల్ల ఆ అంకె గడిచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది. 21 రోజులకు పరీక్ష చేసినా అందులో పాత నెలల చక్కెర కూడా కలిసే ఉంటుంది, కాబట్టి "పూర్తిగా పోయింది" అనే నిర్ణయం ఆ గడువులో చేయడం వైద్యులకైనా సాధ్యం కాదు. టైప్-2 షుగర్ కొందరిలో, ముఖ్యంగా బరువు బాగా తగ్గినవారిలో, మందు లేకుండా అదుపులో నిలవడం అరుదైనా జరుగుతుంది. అలా జరిగిందని ఒప్పుకోవడానికి 2021లో నిపుణులు అంతర్జాతీయంగా పెట్టుకున్న కొలమానం ఇది: మందులు మానాక కనీసం మూడు నెలలు గడిచి, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపే ఉండాలి. దాన్ని కూడా జబ్బు పోయిందనరు, తగ్గుముఖం పట్టిందంటారు, ఆ తర్వాతా పరీక్షలు కొనసాగిస్తారు. మెసేజ్‌లోని మాట ఈ కొలమానానికి నిలవదు.

ఇంకేం మారిందో వెతకండి

ఒకవేళ ఎవరికైనా నిజంగానే షుగర్ తగ్గిందనుకుందాం. బెండకాయ నీళ్ళు మొదలుపెట్టిన మనిషి సాధారణంగా అదే రోజు టీలో చక్కెర తగ్గించి, సాయంత్రం నడవడం మొదలుపెట్టి, మానేసిన మాత్రలు మళ్ళీ సమయానికి వేసుకుంటాడు. ఇవన్నీ జరిగాక ఘనత మాత్రం బెండకాయకు పోతుంది. దీన్ని వేరు చేయాలంటే, ఒకేలాంటి మనుషుల్ని రెండు గుంపులుగా చీట్లు తీసినట్టు పంచి, ఒక గుంపుకు మాత్రమే బెండకాయ ఇచ్చి, తక్కినదంతా సమానంగా ఉంచి పోల్చాలి. ఒక్కరి అనుభవం ఎంత నిజాయితీగా చెప్పినా ఈ పని చేయలేదు.

పరిశోధన ఉందా చూడండి

వైద్య పరిశోధన పత్రాల ఉచిత సూచిక PubMed (pubmed.ncbi.nlm.nih.gov). అందులో ఇలా టైప్ చేయవచ్చు:

```
okra diabetes randomized
```

ఫలితాల్లో శీర్షికనే చూసి ఆగిపోకుండా మూడు ప్రశ్నలు అడగాలి: పరీక్షించింది మనుషులనా, ఎలుకలనా? ఎంతమందిని, ఎన్ని వారాలు? వాళ్ళు మందులు మానేశారా, వేసుకుంటూనే ఉన్నారా? బెండకాయ విషయంలో ఎలుకల మీద చేసినవి చాలానే ఉన్నాయి, మనుషుల మీద చేసినవి కొద్దిమందితో, కొన్ని వారాలపాటు జరిగినవి. వాటిలో ఎక్కువగా ఇచ్చింది పొడి, సారం వంటివే తప్ప రాత్రి నానబెట్టిన నీళ్ళు కావు. బెండకాయలోని జిగురు, పీచు ఆహారంలోని చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని కొంత తగ్గించవచ్చన్నది అర్థమయ్యే మాటే, ఆ మేరకు మెసేజ్‌లోని మొదటి వాక్యంలో కొంత పస ఉంది. కానీ అదే జిగురు ఇంకో పని కూడా చేయవచ్చు: 2011లో ప్రచురితమైన ఒక ఎలుకల అధ్యయనంలో, బెండకాయ నీటి సారాన్ని మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు ఆ మందు ఒంటికి పట్టడం తగ్గింది. ఎలుకల్లో కనిపించింది కాబట్టి మనుషులకు అలాగే జరుగుతుందని చెప్పలేము. అయినా పరగడుపున గ్లాసు బెండకాయ నీళ్ళు తాగి వెంటనే మాత్ర వేసుకునే పెద్దమ్మకు, ఆ రెండింటి నడుమ ఎడం ఉంచడం గురించి డాక్టరును అడగమని చెప్పడానికి ఇది సరిపోయే కారణం. కూరగా తినే బెండకాయ మీద ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇంగ్లీషు పత్రాలు చదవడం కష్టమనుకునేవారు తెలుగులోనే నిజనిర్ధారణ చేసే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థల సైట్లలో మెసేజ్‌లోని కీలక మాటలు వెతకవచ్చు. ఆహారం విషయంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురణలు నమ్మదగినవి.

చెప్పిందెవరు?

ఈ మెసేజ్‌లో డాక్టరు పేరు లేదు, ఆసుపత్రి లేదు, తేదీ లేదు, కాబట్టి ఈ పరీక్ష త్వరగా ముగుస్తుంది. పేరు ఉన్నప్పుడు ఆ పేరును ఆసుపత్రి సైటులో వెతికి, ఆ డాక్టరు స్వయంగా ఆ మాట ఎక్కడన్నారో చూడాలి, ఎందుకంటే ప్రసిద్ధ వైద్యుల ఫోటోలకు వేరే వాళ్ళ మాటలు తగిలించడం మామూలైపోయింది. వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది ఇప్పటికే ఐదారు చేతులు మారి వచ్చిందని అర్థం. మీకు పంపినవారు రాసింది కాదు గనుక, వారి మీద గౌరవంతో దాన్ని నమ్మనక్కర్లేదు. మెసేజ్ చివర ఏదైనా పొడి అమ్మకపు నంబరు ఉంటే ఇంకొకటి గుర్తుంచుకోండి: 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం మధుమేహం నయమవుతుందని ప్రకటించుకోవడమే నేరం.

గ్రూపులో ఏం రాయాలి?

పంపింది చిన్నాయన అయితే, అందరి ముందూ తప్పు పట్టకుండా ముందు ఆయనకు విడిగా రాయడం మేలు: "చిన్నాయనా, మెసేజ్ చూశాను. బెండకాయ తినడం మంచిదే గానీ మాత్రలు అక్కర్లేదన్న మాటకు ఆధారం దొరకలేదు. పెద్దమ్మ దాన్ని చూసి మెట్‌ఫార్మిన్ మానేస్తుందేమోనని భయంగా ఉంది. ఆ మాట మీరే గ్రూపులో చెప్తే బాగుంటుంది." ఆయన చెప్పిన దిద్దుబాటు మనం చెప్పినదానికన్నా ఎక్కువమందికి నచ్చుతుంది. ఆయన స్పందించకపోతే రెండు వాక్యాల్లో మీరే గ్రూపులో రాయండి, అసలు మెసేజ్‌ను మళ్ళీ జోడించకండి.

పెద్దమ్మ అప్పటికే మాత్రలు మానేసి ఉంటే, ఆమెతో వాదన పెట్టుకోకుండా పరగడుపు షుగర్ కొలిపించి, దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనో, మందు రాసిన డాక్టరు దగ్గరో మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో అడగాలి. మానేసిన రోజులకు కూడా కలిపి మాత్రలు వేసుకోకూడదు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, కడుపునొప్పి, రొప్పు, మగత వంటివి కనిపిస్తే 108కి ఫోన్ చేయాలి. ఇన్సులిన్ తీసుకునేవారు ఒకటి రెండు రోజులు మానినా ఈ స్థితి రావచ్చు. అందుకే వాళ్ళు సొంతంగా మానడం మరింత ప్రమాదం.