అద్దె ఇంటి ప్రకటన చూశాక మొదటి ఫోన్‌లో ఏం అడగాలి?

"2 బీహెచ్‌కే, అద్దె 20,000, ఫ్యామిలీస్ ఓన్లీ, మెట్రోకి దగ్గర, 24 గంటలు నీళ్లు." హైదరాబాద్‌లో ఏ అద్దె ప్రకటన చూసినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మనం ఫోన్ చేసి ఇల్లు ఉందా, ఎప్పుడు రమ్మంటారు అని అడిగి పెట్టేస్తాం. ఎల్బీ నగర్ నుంచి నిజాంపేట దాకా ట్రాఫిక్‌లో పడి వెళ్లాక అసలు సంగతులు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఇంట్లో గాలి వెలుతురు ఎలా ఉంది, గోడలకు చెమ్మ ఉందా అన్నవి వెళ్లి చూస్తే గానీ తెలియవు. డబ్బు, నీళ్లు, కరెంటు, షరతులు మాత్రం ఫోన్‌లోనే తేలిపోతాయి. అందుకు పది నిమిషాలు చాలు. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీరు ఫోన్ చేసేసరికి అందులో అద్దె మారిపోయి ఉండొచ్చు.

1. ముందు మాట్లాడుతున్నది ఎవరో తెలుసుకోండి

"నమస్కారమండీ, ఇల్లు మీదేనా?" అని మొదలుపెట్టండి. ఫోన్ ఎత్తింది ఓనర్ కావచ్చు, బ్రోకర్ కావచ్చు. ఓనర్ అమెరికాలో ఉంటే ఇక్కడ చూసుకునే బావమరిది కావచ్చు. ఖాళీ చేస్తున్న పాత కిరాయిదారే ప్రకటన పెట్టి ఉండొచ్చు కూడా. ఎవరైనా ఇబ్బంది లేదు. కాకపోతే అగ్రిమెంటు ఎవరి పేరు మీద రాస్తారు, అద్దె ఎవరి ఖాతాలో వేయాలి అన్నది ఇప్పుడే అడగాలి. ఉద్యోగులు హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకుంటారు కదా, ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసులో ఓనర్ పాన్ నంబర్ అడుగుతారు. "పాన్ ఇవ్వం, అద్దె క్యాష్‌లోనే ఇవ్వాలి" అనే ఓనర్లు తక్కువేం లేరు. ఆ మాట ఇల్లు చూడక ముందే వినడం మంచిది.

బ్రోకర్ అయితే కమిషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి అని అడగండి. హైదరాబాద్‌లో కొందరు పదిహేను రోజుల అద్దె తీసుకుంటారు, కొందరు నెల అద్దె. అగ్రిమెంటు మీద సంతకాలు అయ్యాకే ఇస్తానని అప్పుడే చెప్పేయండి.

ఇల్లు చూపించక ముందే డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. "నేను ఆర్మీలో ఉన్నాను, పోస్టింగ్ మీద వేరే ఊరొచ్చాను, గేట్ పాస్ కోసం కొంచెం టోకెన్ పంపండి, రీఫండ్ అవుతుంది" అనే మోసం ఏళ్లుగా నడుస్తోంది. డబ్బు వెనక్కి వేస్తామని క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటారు. మనకు డబ్బు రావాలంటే స్కాన్ చేయాల్సిన పని గానీ, యూపీఐ పిన్ కొట్టాల్సిన పని గానీ ఉండదు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

2. అద్దె కాకుండా ఇంకా ఏమేం ఉంటాయో అంకెల్లో అడగండి

మొదటి ఫోన్‌లో అసలు పని ఇదే. అడగాల్సినవి నాలుగు: మెయింటెనెన్స్ ఎంత, అది అద్దెలో కలిసిందా? అడ్వాన్స్ ఎన్ని నెలలు? ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు? అద్దె ఏ తేదీ నుంచి లెక్క? "అదేం పెద్ద లెక్క కాదులెండి, వచ్చాక మాట్లాడుకుందాం" అంటారు. మీరు మాత్రం "ఫర్వాలేదండీ, సుమారుగా చెప్పండి, రాసుకుంటాను" అనండి. రాసుకుంటున్నారని తెలిస్తే చాలామంది కాస్త జాగ్రత్తగానే చెబుతారు.

ఒక లెక్క వేసి చూద్దాం. పైన చెప్పిన ప్రకటన బ్రోకర్‌ది అనుకుందాం. అద్దె 20,000, మెయింటెనెన్స్ 2,500, అడ్వాన్స్ రెండు నెలలు, కమిషన్ నెల అద్దె, పెయింటింగ్‌కి మరో నెల అద్దె. చేరే రోజున చేతిలో ఉండాల్సిన డబ్బు: అద్దె 20,000, మెయింటెనెన్స్ 2,500, అడ్వాన్స్ 40,000, కమిషన్ 20,000. మొత్తం 82,500. అడ్వాన్స్ తిరిగొస్తుంది గానీ, అందులోంచి పెయింటింగ్ 20,000 పోతుంది. అంటే కమిషన్, పెయింటింగ్ కలిపి తిరిగిరాని డబ్బు 40,000. పదకొండు నెలలు ఉండి ఖాళీ చేస్తే ఇది నెలకు సుమారు 3,640 పడుతుంది. అద్దె, మెయింటెనెన్స్‌తో కలిపితే నెలకు 26,140.

అదే వీధిలో ఇంకో ఇల్లు ఉంది. ఓనరే నేరుగా ఇస్తున్నాడు. అద్దె 22,500, మెయింటెనెన్స్ అందులోనే, పెయింటింగ్‌కి సగం నెల. పెయింటింగ్ 11,250ని పదకొండు నెలలకు పంచితే నెలకు వెయ్యి పైచిలుకు. మొత్తం దాదాపు 23,520. ప్రకటనలో రెండున్నర వేలు ఎక్కువగా కనిపించిన ఇల్లు, నిజానికి నెలకు రెండున్నర వేలు తక్కువకే వస్తోంది. మూడు నాలుగేళ్లు ఉండేవాళ్లకు ఈ తేడా చాలావరకు కరిగిపోతుంది. అందుకే ఎన్నాళ్లు ఉంటారో మీ మనసులో ముందే ఒక అంచనా ఉండాలి.

తేదీ సంగతి చాలామంది మర్చిపోతారు. మీరు పన్నెండున చేరినా ఒకటో తేదీ నుంచి అద్దె అడిగే ఓనర్లున్నారు. మీ పాత ఇంటికి నోటీసు నెల నడుస్తుంటే రెండు చోట్లా అద్దె కట్టుకోవాల్సి వస్తుంది. ఆషాఢంలో ఫోన్ చేస్తే మాత్రం ఈ విషయంలో మీదే పైచేయి. మంచిది కాదని ఆ నెలలో ఎక్కువమంది ఇల్లు మారరు. ఖాళీగా పడి ఉండేకన్నా ఎవరో ఒకరికి ఇవ్వడం నయమని ఓనర్ కూడా కాస్త దిగుతాడు. మీకు ఆ పట్టింపు లేకపోతే గట్టిగా బేరమాడండి.

3. నీళ్ల గురించి "ఉన్నాయా" అని అడగొద్దు

"నీళ్లున్నాయా అండీ?" అంటే "ఫుల్ వాటరండీ" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. మే నెలలో బోరు ఎండిన అపార్ట్‌మెంట్ గురించైనా అదే చెబుతారు. ప్రశ్న మార్చండి: "పోయిన ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు తెప్పించారా? ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోనేనా, విడిగా వసూలు చేశారా?" దీనికి మాత్రం అవుననో కాదనో చెప్పక తప్పదు. కాసేపు నీళ్లు నమిలారంటే ట్యాంకర్లు వచ్చాయనే అర్థం. ట్యాంకర్లు రావడం తప్పేమీ కాదు, నగరంలో పడమటి వైపు వేసవిలో మామూలే. కానీ 2,500 మెయింటెనెన్స్ ఎండాకాలంలో ఎంతవుతుందో తెలిస్తే మీ లెక్క సరిగ్గా వస్తుంది.

తర్వాత మంజీరా, కృష్ణా లాంటి మున్సిపల్ నీళ్ల కనెక్షన్ ఉందా, అవి వంటింటి కుళాయికి వస్తాయా, లేక కింద సంపులో బోరు నీళ్లతో కలిసిపోతాయా అని అడగండి. కలిసిపోతే తాగే నీళ్లకు ఫిల్టరో, క్యానో తప్పదు.

4. కరెంటు మీటరు మీ ఒక్కరిదేనా?

అపార్ట్‌మెంట్లలో దాదాపు ఫ్లాటుకో మీటరు ఉంటుంది. తేడా వచ్చేది ఇండిపెండెంట్ ఇళ్లలో, పెంట్‌హౌస్‌లలో. అక్కడ ఓనర్ మీటరు నుంచే లైను లాగి, సబ్ మీటరు పెట్టి, యూనిట్‌కి ఇంతని తీసుకుంటారు. యూనిట్‌కి పది రూపాయలంటే చిన్న మాటలాగే ఉంటుంది. నెలకు 180 యూనిట్లు వాడితే 1,800 అవుతుంది. సొంత మీటరు ఉంటే తెలంగాణ గృహ టారిఫ్‌లో మొదటి వంద యూనిట్లకు 3.40 చొప్పున 340, మిగతా ఎనభైకి 4.80 చొప్పున 384, మొత్తం 724. ఫిక్స్‌డ్ ఛార్జీలూ అవీ కలిపినా వెయ్యి లోపే.

పైగా 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న కుటుంబాలకు 200 యూనిట్ల లోపు వాడకానికి జీరో బిల్లు వస్తోంది. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. అయితే అది మీటరును బట్టి ఇస్తారు కాబట్టి సబ్ మీటరు ఇంట్లో ఉండేవాళ్లకు అందదు. విడి మీటరు ఉందని చెబితే పాత బిల్లు ఒకటి వాట్సాప్‌లో పంపమనండి. బకాయిలు ఉంటే అందులోనే కనిపిస్తాయి.

5. మీ సంగతి మీరే ముందు చెప్పండి

ఎంతమంది ఉంటారు, బ్యాచిలర్లా, కుక్క ఉందా, నాన్‌వెజ్ వండుతారా, ఊళ్లోంచి అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉంటారా, రాత్రి షిఫ్టు నుంచి రెండింటికి వస్తారా. వీటిలో మీకు వర్తించేవి దాచకుండా చెప్పి "ఇబ్బందేమైనా ఉందాండీ?" అని అడగండి. దాచి చేరితే రోజూ గేటు దగ్గర టెన్షనే. "కార్ పార్కింగ్ ఉంది" అంటే మీ ఫ్లాటుకు కేటాయించిన చోటా, ఎవరు ముందొస్తే వాళ్లదా అనేది కూడా ఈ సందర్భంలోనే అడిగేయండి.

"మీరేమిట్లు?" అని కులం అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. నా మటుకు ఆ ప్రశ్న వినగానే ఫోన్ పెట్టేయడమే సరైన జవాబు. చేరక ముందే అలా అడిగినవాళ్లు చేరాక ఇంకేం అడుగుతారో చెప్పలేం.

6. అగ్రిమెంటు, నోటీసు

సాధారణంగా అగ్రిమెంటు పదకొండు నెలలకు రాస్తారు. ఫోన్‌లో మూడు ముక్కలు అడిగితే చాలు: ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల నోటీసు, మధ్యలో వెళ్లిపోతే అడ్వాన్స్‌లో కోత ఉంటుందా, రెన్యువల్‌కి అద్దె ఎంత శాతం పెంచుతారు. నోటీసు ఇద్దరికీ ఒకటేనా అని కూడా అడగండి. మనం రెండు నెలల ముందు చెప్పాలి, వాళ్లు మాత్రం నెలలో ఖాళీ చేయమనొచ్చు అని రాసే అగ్రిమెంట్లు ఉంటాయి.

7. ఫోన్ పెట్టేశాక

ఇల్లు ఇప్పుడు ఖాళీగా ఉందా, ఎవరైనా ఉంటున్నారా అని చివర్లో అడగండి. ఉంటున్నారంటే వాళ్లు ఇంట్లో ఉండే వేళకే వెళ్లండి. నీళ్ల సంగతి, అడ్వాన్స్ సంగతి వాళ్లకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. ఫోన్ పెట్టేశాక ఐదు నిమిషాల్లోనే అదే నంబరుకు ఇలా మెసేజ్ పెట్టండి:

"నమస్కారమండీ. ఇందాక మాట్లాడాను. 2 బీహెచ్‌కే, అద్దె 20,000, మెయింటెనెన్స్ 2,500 (వేసవి ట్యాంకర్ ఖర్చు విడిగా), అడ్వాన్స్ 2 నెలలు, పెయింటింగ్ 1 నెల, కమిషన్ అగ్రిమెంటు అయ్యాక, విడి కరెంటు మీటరు, ఒక కార్ పార్కింగ్, నోటీసు ఇద్దరికీ 2 నెలలు. సరేనంటే ఆదివారం ఉదయం వచ్చి చూస్తాం."

"ఓకే" అని వస్తే వెళ్లండి. "వచ్చాక మాట్లాడుకుందాం" అని వస్తే ఏ అంకె దగ్గర తేడా ఉందో ఇంకోసారి ఫోన్ చేసి అడగండి, అది తేలాకే బయల్దేరండి.