ప్రైస్ సీలింగ్ – 4వ పాఠం: పైకప్పు ఎప్పుడు తలకు తగులుతుంది?

ఈ వారం ప్రైస్ ఫ్లోర్, అంటే ‘ఇంతకు తక్కువకు అమ్మకూడదు’ అనే పరిమితి, మొదలుపెడదామనుకున్నాను. పోయినసారి లెక్కకు వచ్చిన జవాబులు చూశాక ఆపేశాను. ఎక్కువమంది ‘50 మిగులు’ అని రాశారు.

లెక్క ఇది. P ధర, Qd కొనాలనుకునే పరిమాణం, Qs అమ్మాలనుకునే పరిమాణం:

```
Qd = 120 − 2P
Qs = 3P − 30
```

సమతౌల్య ధర 30, పరిమాణం 60. ఇది మీకు వచ్చు, వదిలేస్తున్నాను. సీలింగ్ 40 అని ఇచ్చి, కొరత ఎంత అని అడిగాను. మీరు 40ని రెండు సమీకరణాల్లోనూ వేసి, 90లోంచి 40 తీసేశారు. అసలు 40 దగ్గర అమ్మమని ఎవరన్నారు? సీలింగ్ అంటే ‘ఇంతకు మించి అమ్మకూడదు’ అని మాత్రమే. బజార్లో సరుకు 30కే అమ్ముడవుతోంది, 40 పరిమితి ఎవరికీ అడ్డు కాదు. ధర 30, అమ్మకం 60, కొరత సున్నా.

పైకప్పు అనే మాటే ఈ తప్పు చేయిస్తోంది. కప్పు పైన ఉంటుంది కాబట్టి గీతను కూడా సమతౌల్యానికి పైన గీసేస్తున్నారు. కప్పు మన తలకంటే కిందికి దిగితేనే తగులుతుంది. ఆప్షన్లు చూడకముందే సీలింగ్ అంకెను సమతౌల్య ధరతో పోల్చండి. కింద ఉంటేనే లెక్క చేయాలి.

ఇప్పుడు సీలింగ్ 20 అనుకోండి. కొనాలనుకునేవాళ్లకు 80 కావాలి, అమ్మేవాళ్లు తెచ్చేది 30. కొరత 50. ఆప్షన్లలో 30, 20 కూడా కచ్చితంగా ఉంటాయి. 30కీ 80కీ సమతౌల్యమైన 60తో తేడా తీసినవాళ్లకు వచ్చే అంకెలవి. కొరతను 60 నుంచి కొలవరు. ఆ ధర దగ్గర రెండు గీతల మధ్య దూరమే కొరత. అమ్ముడయ్యేది 30 మాత్రమే. ‘డిమాండ్ గీత కుడివైపు జరిగింది’ అనే ఆప్షన్ కనిపిస్తే కొట్టేయండి. గీతలు కదల్లేదు, వాటి మీద మనం కదిలాం.

నేనైతే ముందే రెండు సమీకరణాలు తీసేసుకుంటాను: 150 − 5P. జవాబు మైనస్‌లో వస్తే సీలింగ్ పనిచేయడం లేదని అర్థం, కొరత సున్నా.

పరిమితి మారకపోయినా కొరత పుట్టొచ్చు. అమెరికాలో 1971 ఆగస్టులో నిక్సన్ ప్రభుత్వం ధరలను బిగించింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేయడంతో సప్లయ్ గీత ఎడమకు జరిగి సమతౌల్య ధర పైకి పోయింది. పెట్రోలు ధర మీద అదుపు మాత్రం కొనసాగింది. 1974 మొదట్లో బంకుల ముందు బారులు తీరారు. కొన్ని రాష్ట్రాల్లో కార్ల నంబర్లు సరి, బేసి చూసి రోజు మార్చి రోజు పోశారు. ప్రశ్నలో క్యూ, రేషన్, బ్లాక్‌లో అమ్మకం కనిపిస్తే సీలింగ్‌ను అనుమానించండి. గోదాముల్లో నిల్వలు పేరుకుపోయాయంటే అది ఫ్లోర్.

అభ్యాసం: పై సమీకరణాలకే సీలింగ్ 35 పెట్టండి. తర్వాత డిమాండ్ Qd = 170 − 2P అయింది. ముందు, తర్వాత కొరత ఎంతెంత? కొత్త డిమాండ్‌తో కొరత సరిగ్గా 60 రావాలంటే సీలింగ్ ఎంత ఉండాలి? ఈసారి గీతలు గీసి పంపండి, అంకె ఒక్కటే రాస్తే చూడను.