సన్‌రూఫ్ పాఠాలు – 3: గ్లాసు నీళ్లు, నాలుగు గొట్టాలు

పోయిన పాఠంలో కారు సన్‌రూఫ్‌ను నీళ్లతో పరీక్షించమని చెప్పాను. ఎక్కువమంది అద్దం మూసి, పైనుంచి పైపుతో నీళ్లు కొట్టి, చుక్క కూడా లోపలికి రాలేదని సంతోషంగా రాశారు. ఇద్దరు మాత్రం అద్దం తెరిచి బకెట్టెడు ఒక్కసారిగా గుమ్మరించి సీట్లు తడుపుకున్నారు. నీళ్లు ఎక్కడ పోయాలో సరిగా చెప్పకపోవడం నా పొరపాటు. అందుకే ధర లెక్క కంటే ముందు ఇవాళ అదే మళ్లీ చేద్దాం.

అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ నీటిని పూర్తిగా ఆపదు. ఆపాలని దాన్ని తయారు చేయలేదు కూడా. వాన పడినప్పుడు కొంత నీరు బీడింగ్ దాటి, అద్దం కింద చుట్టూ ఉండే సన్నని కాలువలోకి దిగుతుంది. ఆ కాలువ నాలుగు మూలల నుంచి నాలుగు సన్నని గొట్టాలు బయలుదేరతాయి. సాధారణంగా ముందు రెండూ ముందద్దం పక్క స్తంభాల గుండా దిగి తలుపు బందుల దగ్గరో, ముందు చక్రం పైనో బయటపడతాయి. వెనక రెండూ వెనక చక్రాల వైపు పోతాయి. కారులోకి నీళ్లు వస్తున్నాయంటే చాలాసార్లు బీడింగ్ పాడయిందని కాదు, గొట్టం పూడుకుపోయిందని. వేప చెట్టు కింద నిలిపే కారులో వేసవి పూత, దుమ్ము కలిసి ముద్దగా మారి అక్కడే చేరతాయి. జూన్ తొలి వానకు సంగతి బయటపడుతుంది.

పరీక్ష ఇది. అద్దం పూర్తిగా తెరవండి. ముందు మూలలో కాలువ చివర కనిపించే రంధ్రం దగ్గర అర గ్లాసు నీళ్లు సన్నని ధారగా పోయండి. ఒకరు కింద నిలబడి చూడాలి. కొద్ది క్షణాల్లో ఆ వైపు నేల మీద నీళ్లు పడాలి. కుడి ఎడమలు దాదాపు ఒకే వేగంతో కారాలి. కాలువలో నీళ్లు నిలిచిపోతే ఇక పోయకండి, గుడ్డతో అద్దేయండి. తర్వాత డ్రైవరు కాళ్ల కింద మ్యాట్ ఎత్తి, కార్పెట్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కండి. పైన పొడిగా ఉన్నా కింది స్పాంజిలో తేమ ఉంటే పాత లీకేజీ ఉన్నట్టే.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. లీకేజీ కనిపించగానే అద్దం చుట్టూ సిలికాన్ పూసేస్తారు. మా పెదనాన్న కారుకు ఒక మెకానిక్ అదే చేశాడు. నెల తిరక్కుండా ఎండకు ఒక అంచున సిలికాన్ లేచి, నీళ్లు మళ్లీ దిగాయి. ఊడిన ముక్క ఒకటి కాలువలో పడి, అంతవరకూ బాగున్న గొట్టాన్ని కూడా మూసేసింది. అద్దం తెరుచుకోక లోపలికి చేయి పెట్టే దారి లేకుండా పోయింది. సీటు కింద వైర్ల కనెక్టర్లు తుప్పు పట్టాకగానీ అసలు కారణం తెలియలేదు. సెకండ్ హ్యాండ్ కారు సన్‌రూఫ్ అంచున సిలికాన్ కనిపిస్తే నేను బేరం అక్కడే ఆపేస్తాను. గట్టి తీగతో పొడవడం, అధిక పీడనంతో గాలి కొట్టడం కూడా వద్దు. గొట్టం చిల్లి పడుతుంది, లేదా కప్పు లోపల అతుకు దగ్గర ఊడిపోతుంది. చివర మొన లేకుండా గుండ్రంగా చేసిన మెత్తని నైలాన్ దారం చాలు.

వేడి గురించి చూడవలసింది ఒక్కటే. మధ్యాహ్నం 2 గంటలకు ఎండలో నిలిపిన కారులో సన్‌రూఫ్ అద్దం కింద ఉండే తెర మూసి, దాని కింద తల ఎత్తున అరచేయి పెట్టండి. గట్టి పలక లాంటి తెర అయితే సెగ తక్కువ. కప్పు చాలావరకు అద్దమే అయిన పనోరమిక్ కార్లలో వచ్చే పల్చటి గుడ్డ తెరైతే నడినెత్తిన సెగ తెలుస్తుంది. విజయవాడ లాంటి ఊళ్లో నేను రెండోదాన్ని కొనను.

ఇక డబ్బు. సన్‌రూఫ్ ఉన్న, లేని రెండు వేరియంట్ల మధ్య తేడా 95,000 రూపాయలు అనుకుందాం. అందులో అల్లాయ్ చక్రాలు, వెనక కెమెరా లాంటివి విడిగా బిగించుకుంటే 40,000 అయితే, సన్‌రూఫ్‌కు పడింది 55,000. జీవితకాల పన్ను, బీమా కలిపితే సుమారు 63,000. అయిదేళ్ల వయసున్న అదే మోడల్ రెండు వేరియంట్లకు సెకండ్ హ్యాండ్ ధర అడిగి, చక్రాలూ కెమెరా విలువ తీసేశాక సన్‌రూఫ్ వల్ల 25,000 ఎక్కువ వస్తుందనుకోండి. పోయింది 38,000, అంటే ఏడాదికి 7,600. ఏడాదిలో మీరు దాన్ని ఎన్నిసార్లు తెరుస్తారో ఆ సంఖ్యతో భాగించండి. తడిసిన కార్పెట్ ఉన్న కారుకు ఆ 25,000 రాదు, పైగా కొనేవాడు ఇంకా తగ్గించమంటాడు.

అభ్యాసం: అమ్మకానికి ఉన్న సన్‌రూఫ్ కార్లు మూడు చూడండి, అన్నీ అయిదేళ్లు దాటినవే. యజమాని అనుమతితో రంధ్రం కనిపించే ప్రతి మూలలో నీళ్లు పోసి, ఒక్కో మూలకూ ఎన్ని సెకన్లకు నీళ్లు కింద పడ్డాయో రాసుకోండి. కార్పెట్ తేమ, అంచున సిలికాన్, అడిగిన ధర పక్కనే రాయండి. తర్వాతి పాఠం ఆ కాగితాల మీదే.