అన్నం జావ, పప్పు పలుకు: మా కుక్కర్ గొడవ ఇలా తీరింది

నెలాఖరుకి మెస్ బిల్లు కట్టలేక నేనూ రమణా మద్దిలపాలెం హాస్టల్ గదిలో చిన్న రైస్ కుక్కర్ పెట్టాం, వార్డెన్‌ని అడిగే లెండి. బియ్యం, కూరగాయలు నావి. పప్పు, నూనె వాడివి. కూరగాయలకి ఎంవీపీ కాలనీ రైతు బజార్.

చిక్కల్లా పప్పుతోనే. అన్నం జావైపోయినా కందిపప్పు పంటికి తగిలేది.

"ఒరేయ్, చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదురా, మా అమ్మ చివర్లోనే వేస్తుంది" అన్నాడు రమణ. నిజమే, పులుపు తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు, టమాటా అయినా అంతే.

అప్పట్నుంచి కుక్కర్‌తో వచ్చిన గ్లాసుతో అర గ్లాసు కందిపప్పు గంటసేపు నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్లు, పసుపు, పొంగకుండా చుక్క నూనె వేసి ముందు అదొక్కటే ఉడికిస్తున్నాం. బద్ద వేళ్ల మధ్య నలిగితే గ్లాసు బియ్యం, ఆనపకాయ ముక్కలు, ఇంకో మూడు గ్లాసుల నీళ్లు పోస్తాం. అన్నం ఉడికాకే చింతపండు రసం, ఉప్పు, కారం వేసి ఇంకాస్త మరగనిస్తాం.

నానబెట్టే టైం లేకపోతే పెసరపప్పే దిక్కు, నానకపోయినా బియ్యంతో పాటే ఉడికిపోతుంది. రమణకి మాత్రం అది నచ్చదు, పథ్యం తిండిలా ఉంటుందట.